బనీను ఫొటోకి కాలర్ అంగీ

జవహర్‌నగర్‌లోని ఒక చిన్న ఫొటో స్టూడియోలో ఈ వారం ఒక పెద్దాయన ఫొటోకి అంగీ తొడిగారు. మనిషి పోయాడు. దినాలకు పెట్టడానికి ఇంట్లో దొరికిన మంచి ఫొటో ఒక్కటే, మనవరాలు ఫోన్‌లో తీసింది. ముఖం ప్రశాంతంగా ఉంది, చూపు సూటిగా ఉంది. ఒంటిమీద మాత్రం గుండ్రటి మెడ బనీను.

ఈ కాలమ్ పాత పాఠకులకు కాలమిస్టు పట్టుదల తెలుసు. పోయినవాళ్ల ఫొటో మీద గీత పడితే తుడవాలి, మరక ఉంటే తీయాలి, అంతకు మించి చెయ్యి పెట్టకూడదు. బతికుండగా ఎన్నడూ కోటు వేసుకోని తాతకు చచ్చాక కోటు, టై తగిలించడం గురించి ఇక్కడ చాలాసార్లు గట్టిగానే రాయడం జరిగింది. కంప్యూటర్‌లో సిద్ధంగా ఉండే కోటు బొమ్మ తెచ్చి మెడకింద అతికిస్తారు. ముఖం మీద వెలుగు కిటికీ వైపు నుంచి వస్తుంటే, కోటు మీద వెలుగు ఎదుటి నుంచి కొడుతుంటుంది. ఆ రెండు వెలుగులు కలవవు.

స్టూడియోలో ఆ పెద్దాయన భార్య అన్న మాట వేరు. "కాలర్ అంగీ తొడగంది ఏనాడూ గడప దాటలే బిడ్డా. ఇట్ల పెడితే ఆయనే అనుకుంటరా?" ఆమె అడిగింది కోటు కాదు. ఆయన రోజూ వేసుకున్న లేత నీలం అంగీ.

మన దేశంలో ఈ పని కొత్తది కాదు. ఫొటో వచ్చిన తొలి దశాబ్దాల్లోనే చిత్రకారులు ప్రింట్ల మీద చిక్కటి రంగులు పూసేవారు. బట్టలను, వెనక తెరను రంగుతో కప్పేసినా, ముఖాన్ని మాత్రం వీలైనంత ఫొటోగానే వదిలేవారు. రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన 1880ల నాటికి గాజు నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్దడం ఫొటోగ్రాఫర్లకు మామూలు పనే. అప్పటివాళ్లు పాటించిన హద్దు ఇప్పటికీ పనికొస్తుంది: బట్ట మారవచ్చు, ముఖం మారకూడదు.

జవహర్‌నగర్ స్టూడియోలో పనిచేసే కుర్రాడు రెడీమేడ్ బొమ్మల ఫోల్డర్ తెరవలేదు. ఇంటినుంచి ఆ నీలం అంగీనే తెప్పించాడు. తండ్రి ఒడ్డూ పొడుగూ ఉన్న కొడుక్కి దాన్ని తొడిగి, అసలు ఫొటోలో వెలుగు ఏ వైపు నుంచి పడిందో చూసుకుని, ఆ వైపే కిటికీ ఉండేలా నిలబెట్టాడు. ఫోన్‌ను కూడా అసలు ఫొటో తీసినంత దూరంలో, అంతే ఎత్తులో పట్టుకున్నాడు. దగ్గర నుంచి తీస్తే గడ్డం ముందుకొచ్చి భుజాలు చిన్నవవుతాయి. అలాంటి ఫొటోలోని అంగీ వేరే దూరం నుంచి తీసిన తలకు ఎంత సాగదీసినా నప్పదు. సగం పని కంప్యూటర్ ముందు కూర్చోకముందే అయిపోయింది.

కాలర్‌ను ఒకే ముక్కగా కత్తిరించి మెడమీద పెడితే కాగితం అంటించినట్టు కనిపిస్తుంది. నిజానికి కాలర్ మెడను చుట్టి ఉంటుంది. మెడకు రెండు పక్కలా, వెనక నుంచి వచ్చే పట్టీ లోపలి భాగం కాస్త కనిపించాలి, అది ముందు భాగం కంటే చీకటిగా ఉండాలి. అందుకే అతను అంగీని రెండు లేయర్లు చేశాడు. వెనక పట్టీ అడుగున, దాని మీద మెడ, మెడ మీద కాలర్ రెక్కలు. Pen Tool తో గీసిన అంచు కత్తితో కోసినట్టు వస్తుంది కాబట్టి, చెవి అంచు, భుజం అంచు ఎంత మెత్తగా ఉన్నాయో చూసి Layer Mask అంచునూ అంతే మెత్తబరిచాడు.

కాలర్ మెడకు తగిలే చోట సన్నటి నీడ పడుతుంది. తగిలిన చోట చిక్కగా, దూరం పోయేకొద్దీ వెడల్పై పలచబడుతుంది. దాన్ని నల్లరంగుతో వేస్తే మసి పూసినట్టుంటుంది. గడ్డం కింద ఉన్న చర్మపు నీడ రంగునే తీసుకుని Multiply లో పలచగా వేయాలి. గడ్డం నీడ మెడమీద ఆగిపోకుండా కాలర్ మీదికీ రావాలి. చాలామంది మరిచేది ఇదే.

పై గుండీ పెట్టకుండా ఉంచడం ఆయన అలవాటట. దాంతో రెక్కల మధ్య బనీను అంచు కనిపిస్తుంది. మామూలుగా అలా వదిలేసినా తప్పులేదు, ఎంతోమందికి కనిపిస్తూనే ఉంటుంది. ఈ ఫొటోలో మాత్రం వెలుగు పడి ఆ అంచు సున్నం కొట్టినట్టు మెరిసింది. తీసేస్తే అక్కడ చర్మం కట్టాలి. ముఖం నుంచి చర్మం తెచ్చి నింపితే పట్టుబడిపోతుంది. ఎండలో తిరిగే మనిషికి మెడ నల్లబడుతుంది, బట్ట కప్పే ఛాతీ లేతగా ఉంటుంది. కొడుకు చర్మం తెద్దామన్నా అందులో ఆ వయసు ముడతలు లేవు. కుర్రాడు అదే ఫొటోలో మెడ కింది భాగం నుంచి చర్మం తీసుకున్నాడు, కిందికి దిగేకొద్దీ కాస్త కాస్త లేత చేశాడు. గొంతు గుంటను మాత్రం కదపలేదు. తల కొంచెం పక్కకు తిరిగినా దేహం మధ్యగీత ఎక్కడుందో ఆ గుంటే చెబుతుంది, గుండీల పట్టీ దాని కింద నుంచే మొదలవ్వాలి.

గుండీల సైజుకు ఒక కొలత ముఖంలోనే దొరుకుతుంది. పెద్దవాళ్ల కంట్లో నల్లగుడ్డు అడ్డంగా దాదాపు 12 మిల్లీమీటర్లు. మామూలు చొక్కా గుండీ 11 మిల్లీమీటర్ల పైచిలుకు. ఎదురుగా తీసిన ఫొటోలో రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. గుండీల పట్టీ దానికి మూడింతల వెడల్పు. గుండీ నల్లగుడ్డుకన్నా బాగా పెద్దగా కనిపిస్తే అంగీ కొలత తప్పిందన్నమాటే.

వెలుగు కుదర్లేదని అంగీని Flip Horizontal చేస్తే ఇంకో చిక్కు. మగవాళ్ల చొక్కాలో ఎడమ పట్టీ కుడిదాని మీదికి వస్తుంది, కాజాలు ఎడమవైపు ఉంటాయి. తిప్పితే ఆడవాళ్ల చొక్కా అవుతుంది, జేబు కూడా కుడివైపుకి పోతుంది. ఇలాంటి చిన్న వస్తువులు పెద్ద పొరపాట్లనే బయటపెట్టాయి. అమెరికా బందిపోటు బిల్లీ ద కిడ్ రేకు మీద తీసిన ఫొటోలో ఎడమచేతివాటం వాడిలా కనిపిస్తాడు. 1958లో అతని మీద 'ది లెఫ్ట్ హ్యాండెడ్ గన్' అని సినిమా కూడా వచ్చింది. రేకు ఫొటోలో కుడి ఎడమవుతుంది. అతని వించెస్టర్ తుపాకీకి తూటాలు పెట్టే ద్వారం కుడివైపే ఉండాలి, ఫొటోలో ఎడమవైపు ఉంది. గుట్టు అలా తెలిసింది.

చివరగా Add Noise తో అంగీకి ముఖంమీదున్నంత గరుకుదనం ఇచ్చాడు. తెర మీద పెద్దది చేసి చూసి వదిలేయకుండా, ప్రింటు తీసి గోడకు పెట్టి, గదికి అవతల నుంచి చూశాడు. అంత దూరం నుంచి కాలర్ ముందు కంటికి తగిలితే పని మిగిలి ఉన్నట్టు. తగల్లేదు. ఆ ఇంటామె కూడా ముందు ముఖమే చూసింది.

కాబట్టి కాలమిస్టు పాత మాటను సవరించుకోవాల్సి వస్తోంది. బనీను ఫొటో కెమెరా చూసిన నిజమే, కానీ ఆ బస్తీ రోజూ చూసిన మనిషి నీలం అంగీలో ఉన్నాడు. కోటు విషయంలో పట్టుదల మాత్రం సడలదు. గుర్తింపు కోసం ఇచ్చే ఫొటోల్లో అసలు ఏ మార్పూ పనికిరాదు. అమెరికా వీసా నిబంధనలు రూపాన్ని మార్చిన ఫొటోను ఒప్పుకోవు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఫొటో అక్కడే తీస్తారు కాబట్టి, కాలర్ కావాలంటే ఇంటి దగ్గరే తొడుక్కుని వెళ్లాలి.

ఎవరైనా ఇలాంటి పనికి స్టూడియోకి వెళ్తే, వాట్సాప్‌లో వచ్చిన కాపీ కాకుండా ఫోన్‌లోని అసలు ఫైలు ఇవ్వండి. వెంట ఆయన అంగీ కూడా తీసుకెళ్లండి. మార్చని ఫొటోను ఇంట్లో విడిగా దాచుకోండి.