ఎవరి ఆస్తికి భద్రత?

డారన్ ఏసెమోగ్లు, జేమ్స్ రాబిన్సన్ కలిసి 2012లో 'వై నేషన్స్ ఫెయిల్' అనే పుస్తకం రాశారు. ఆ పరిశోధనకే సైమన్ జాన్సన్‌తో పాటు వాళ్లకు 2024లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. వాళ్లు చెప్పేది తేలిగ్గానే అర్థమవుతుంది. ఎవరి కష్టం వాళ్లకు దక్కుతుందనే నమ్మకం ఉండి, పాలకుడు జనానికి జవాబు చెప్పాల్సిన చోట దీర్ఘకాలంలో సంపద పెరుగుతుంది. నలుగురు కూర్చుని నలభై వేల మంది కష్టాన్ని పిండుకునే చోట పెరగదు. ఈ మాటను మన మన్యంలో పెట్టి చూస్తే చాలావరకు నిలబడుతుంది. ఒకచోట మాత్రం నిలబడదు. ఆ ఒక్కచోటు గురించే ఈ వ్యాసం.

ముందు నిలబడే చోటు చూద్దాం. పుస్తకంలో ఆఫ్రికా దేశమైన సియెర్రా లియోన్ కథ ఉంది. బ్రిటిష్‌వాళ్లు అక్కడ తెగపెద్దలను తమ కిందివాళ్లుగా పెట్టుకుని పాలించారు. ఇంటింటికీ గుడిసె పన్ను వేస్తే 1898లో జనం తిరగబడ్డారు. తిరుగుబాటు అణిగింది గానీ పెద్దల పెత్తనం పోలేదు. భూమి వాళ్ల అజమాయిషీలోనే ఉండిపోయింది. రేపు ఎవరు లాక్కుంటారో తెలియని నేలలో పదేళ్లకు కాపుకొచ్చే చెట్టు ఎవరు నాటుతారు?

దానికి 19 ఏళ్ల ముందు, 1879లో మన రంపలో జరిగింది కూడా ఇలాంటిదే. రంప కొండలకు ఒక మన్సబుదారు, అతని కింద ముఠాదారులు, వాళ్ల కింద కొండరెడ్లు, కోయలు. 1848లో సర్కారు అండతో వచ్చిన మన్సబుదారుకు ముఠాదారులు ఏడాదికి 8,750 రూపాయలు కట్టడానికి ఒప్పుకున్నారు. అతను ఆ ఒప్పందంతో ఆగలేదు. కొందరి ముఠాలు లాగేసుకున్నాడు. కలప కొట్టినా, పశువులను మేపినా పన్ను అడిగాడు. కల్లు గీతకు చిగురుపన్ను ఎప్పటినుంచో ఉంది. ఆపైన కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు కూడా గుత్తేదారు చేతికి పోయింది. చిగురుపన్ను మీద మొదలుపన్ను వచ్చి పడింది. మన్సబుదారు పైన ఉన్న సర్కారుకు జవాబుదారి, కింద ఉన్న జనానికి కాదు. 1879 మార్చిలో పితూరీ లేచింది. అది అణిగాక సర్కారు మన్సబును రద్దు చేసి ముఠాదారులకు నేరుగా సనదులిచ్చింది. ముఠాదారీ మాత్రం 1969 రెగ్యులేషన్ వచ్చేదాకా పోలేదు. పిండే యంత్రంలో పై చక్రం తీసేసినా కింది చక్రాలు తిరుగుతూనే ఉంటాయని ఈ రచయితలు అంటారు. మన రంప దానికి సాక్ష్యం.

ఇక నిలబడని చోటు. ఆస్తిహక్కు, ఒప్పందం, కోర్టు ఈ మూడూ ఆ పుస్తకంలో మంచి వైపున ఉంటాయి. పిండుకునే దొర చెడ్డ వైపున ఉంటాడు. కానీ రంప జనం తిరగబడ్డది మన్సబుదారు మీద ఒక్కడి మీదే కాదు, కోర్టు డిక్రీల మీద కూడా. మైదానం నుంచి వచ్చిన వర్తకుడు సరుకో, డబ్బో అప్పిచ్చి నోటిమాటతో బేరం చేసేవాడు. తర్వాత కింద ఊళ్లో కోర్టులో దావా వేసేవాడు. కొండమీద మనిషికి ఆ కోర్టు ఎక్కడుందో, పిలుపు ఎందుకొచ్చిందో తెలిసేది కాదు. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ. దాని పేరుతో పశువులనూ ధాన్యాన్నీ తోలుకుపోయేవారు. పితూరీ కారణాల్లో దీన్ని ఆనాటి అధికారులే రాసిపెట్టారు.

ఇక్కడ కోర్టు చెడిపోలేదు, సక్రమంగానే పనిచేసింది. వర్తకుడి హక్కుకు పూర్తి భద్రత ఇచ్చింది. పిండుకోవడానికి దొర కర్ర అక్కర్లేకపోయింది, స్టాంపు కాగితం చాలింది. అందుకే 'ఆస్తికి భద్రత' అనే మాట విన్నప్పుడల్లా 'ఎవరి ఆస్తికి?' అని అడగాలి. పుస్తకం ఈ ప్రశ్న అడగకపోలేదు. హక్కులు అందరికీ అందాలనే అంటుంది. అయితే ఒకే చట్టం సమానం కాని ఇద్దరి మధ్యకు వచ్చినప్పుడు ఏమవుతుందో అది సరిగా చూపించలేదు.

మన చట్టాలు ఆ పాఠం నేర్చుకున్నాయి. 1917 ఏజెన్సీ చట్టం వడ్డీ నూటికి ఏడాదికి 24 దాటకూడదంది. చక్రవడ్డీ కూడదంది. మొత్తం వడ్డీ అసలును మించకూడదంది. ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనేతరుడికి భూమి బదలాయిస్తే చెల్లదంది. 1970లో వచ్చిన 1/70 ఇంకా ముందుకెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదనేవాడే రుజువు చేసుకోవాలని చెప్పింది. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది.

అమ్ముకోలేని భూమికి ధర రాదు, తాకట్టుకు పనికిరాదు, పెట్టుబడి రాదు అని ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు అంటారు. అందులో నిజం ఉంది. బినామీలు, నోటిమాట కౌళ్లు పెరిగిన మాటా నిజమే. అడంగల్‌లో పేరు ఒకరిది, జీడిపిక్కలు అమ్ముకునేది మరొకరు అయితే అక్కడ చట్టం కాగితం మీదే ఉందని తెలుసుకోవచ్చు. కానీ భూమిని పూర్తిగా అమ్ముకోనిచ్చినప్పుడు ఏం జరిగిందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు, అన్నవరం వెనక కొండలకేసి చూస్తే చాలు.

శంఖవరం, రౌతులపూడి మండలాల కొండవార ఊళ్లలో మనవాళ్లు ఉన్నారు. ఆ ఊళ్లు మాత్రం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. గీతకు అవతల 1/70 ఉంది, ఇవతల లేదు. ఇవతలి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. వాళ్లకు మూడు ముక్కల భూమి ఉంది. ఒకటి అటవీహక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. అది బిడ్డలకు వస్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు. రెండోది సర్కారు ఇచ్చిన డి-పట్టా. 1977 చట్టం దాని అమ్మకాన్ని ఆపింది, 2023 సవరణ 20 ఏళ్లు దాటితే అసలు పట్టాదారుకు ఆ దారి తెరిచింది. మూడోది తాతలనాటి సొంత పట్టా, దానికి ఏ అడ్డూ లేదు. ఇంట్లో ఒకరికి జబ్బు చేసి ఆసుపత్రి ఖర్చు మీద పడితే ముందు పోయేది మూడోది, తర్వాత రెండోది. అప్పు తీరాక ఆ ఇంట మిగిలేది మొదటి ముక్కే. పుస్తకాల లెక్కలో మూడోదే అన్నిటికంటే పూర్తి ఆస్తిహక్కు. ఆ కుటుంబం లెక్కలో భద్రమైనది మొదటిది.

జవాబుదారీ విషయంలోనూ ఇదే తేడా. 1996 పెసా చట్టం గ్రామసభకిచ్చిన అధికారాలు షెడ్యూల్డ్ ప్రాంతానికే. భూమి పోతున్నా ఇవతలి ఊరి గ్రామసభకు ఆ బలం లేదు. ఈ ఊళ్లను షెడ్యూల్‌లో చేర్చాలంటే అయిదో షెడ్యూలు ఆరో పేరా ప్రకారం రాష్ట్రపతి ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు కోసం ఇవతలి ఊళ్లు అడుగుతుంటే 'భూమికి ధర పడిపోతుంది, అభివృద్ధి ఆగిపోతుంది' అనేవాళ్లకు ఒకటే మాట చెప్పాలి. కొనేవాడికి ధర, బతికేవాడికి భూమి. మన పిల్లల కాలానికి ఏది మిగలాలో అడగాల్సింది కొనేవాణ్ని కాదు.