రాత్రి జడ

కర్నూలు జిల్లా కృష్ణగిరిలో మా అవ్వ నాకు రోజుకు రెండు జడలు వేసేది. పొద్దున బడికి వేసేది నున్నగా, బిగువుగా, రిబ్బను మడిచి కట్టిన జడ. రాత్రి పడుకునే ముందు వేసేది వేరు. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు, కానీ ఆమె చేతిపనితనమంతా అందులోనే ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

పత్తి తీసే రోజుల్లో సాయంత్రం చేలోంచి వచ్చేసరికి జుట్టంతా దూది పీచు, దుమ్ము. శీకాయతో తలంటు రాత్రికే కుదిరేది. అప్పుడు అవ్వ మొదట చేసే పని జుట్టును తువాలుతో రుద్దకపోవడం. పాత పలుచటి చీర ముక్కలో జుట్టు పెట్టి, పిడికిట్లో పట్టి, కుదుళ్ల నుంచి చివరిదాకా ఒత్తుకుంటూ దిగేది. తడిసిన వెంట్రుక నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎక్కువ సాగుతుంది, తక్కువ లాగుడుకే తెగుతుంది. దాని మీద చేప పొలుసుల్లా కుదురు నుంచి చివరి వైపుకు పరుచుకున్న పొర అంచులు తడిలో కాస్త లేస్తాయి. రుద్దితే అవి ఒకదానికొకటి తగులుకుంటాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆరిందో లేదో పైపైన చూసి నమ్మేది కాదు. మెడ వెనక, జుట్టు లోపలికి వేళ్లు పోనిచ్చి కాసేపు ఉంచేది. వేళ్లకు చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. నేను నిద్రకు తూలుతుంటే "యా తొందరొచ్చింది నీకు, మ్మే? ఆరనీ" అనేది. తడి తలతో పడుకుంటే జలుబు చేస్తుందని ఆమె నమ్మకం. జలుబు తెచ్చేది వైరస్, తడి కాదు. అయినా ఆమె పట్టుదల సరైనదే. రాత్రంతా ఆరని మాడు చుండ్రుకు కారణమయ్యే శిలీంధ్రానికి అనుకూలం, వాసన కూడా పడుతుంది. అసలు ఆరకపోతే జడే వేసేది కాదు. జుట్టంతా పైకి తీసి, దిండు అవతలికి పరిచి పడుకోబెట్టేది.

పూర్తిగా ఆరాక చిక్కు తీసేది, కింది నుంచి. చివరి జానెడు వేళ్లతో విడదీసి, ఆ పైన ఇంకో జానెడు. ముడి తగిలిన చోట దానికి పైన ఎడమచేత్తో జుట్టు గట్టిగా పట్టుకునేది, లాగుడు కుదురుదాకా పోకుండా. వేళ్లు తడబడకుండా దిగాకే పెద్ద పళ్ల దువ్వెన.

తర్వాత మూడు పాయలు. మెడకూ మొదటి అల్లికకూ మధ్య ఆమె బొటనవేలు దూరేంత సందు ఉండాలి. "బిగిచ్చి ఏసేది పొద్దున బడికే. రేత్రి జడ కూడా పండుకోవల్ల" అనేది. అక్కడి నుంచి కిందికి ఒకే వదులు. ఒకచోట బిగించి ఒకచోట వదిలితే, పక్క మీద దొర్లినప్పుడు బిగిసిన చోటే లాగుడంతా పడుతుంది. చివర నాలుగు వేళ్ల జుట్టు వదిలి, పాత చీర పేలికతో ఒక్క ముడి. జడ వీపు కింద పడకుండా భుజం మీదుగా ముందుకు వేసేది.

హాస్టల్లో నేనొకసారి తడి జుట్టును రబ్బరు బ్యాండుతో బిగించి పడుకున్నాను. పొద్దున బ్యాండు ఉన్నచోట అడ్డంగా ఒక మడత, దువ్వితే పోలేదు. తడిలో విడివడిన వెంట్రుక లోపలి బంధాలు, ఏ వంపులో ఆరితే ఆ వంపులోనే మళ్లీ కుదురుకుంటాయి. మళ్లీ తడిపితే మడత పోయింది. తెగినవి మాత్రం పోయినట్టే.

దిండు సంగతీ చెప్పాలి. ఎమ్మిగనూరు మా జిల్లాలోదే. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం వల్ల ఆ ఊరి దుప్పట్లకు పేరు. కొత్త నేత దుప్పటి గంజితో గరుకుగా ఉంటుంది, జుట్టును పట్టుకుంటుంది. అవ్వ గలీబులు కుట్టేది ఎన్నో ఉతుకులు తిన్న దుప్పటి నడిమి ముక్కతో, వెనక్కి తిప్పి, కుట్టు చెంపకు తగలకుండా. పట్టుగానీ శాటిన్‌గానీ ఇంతకంటే నున్నన, జుట్టు జారుతుంది, నిజమే. కానీ పాలిస్టర్ శాటిన్ చెమట పీల్చదు. మా ఎండాకాలపు రాత్రులకు నేను పాత నూలునే ఎంచుకుంటాను.

ఒక్కటి ఈ జడ చేయలేదు. చిట్లిన చివర్లను అతికించలేదు, వాటికి కత్తెరే. రింగుల జుట్టుకూ ఈ పద్ధతి అంతా సరిపోదు. పొడిగా దువ్వితే ఆ జుట్టు ఇంకా తెగుతుంది. దానికి కొంచెం తడీ, నూనే ఉన్నప్పుడే వేళ్లతో చిక్కు తీయాలి.

పొద్దున్నే పేలిక విప్పి, అల్లిక కింది నుంచి విడదీసి, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను అవ్వ వెలుతురులో పట్టి చూసేది. ఒక కొసన చిన్న తెల్లటి గింజలాంటిది ఉంటే అది దానంతటది రాలింది, రోజూ కొన్ని రాలడం మామూలే. గింజ లేకుండా పొట్టిగా ఉంటే తెగింది. తెగినవి ఎక్కువ కనిపించిన రోజు ఏమీ అనేది కాదు. ఆ రాత్రి మాత్రం మెడ దగ్గర సందు బొటనవేలి బదులు రెండు వేళ్లంత ఉండేది.