చూసిన మేరకు

మా ఆఫీసు సూపరింటెండెంటుగారు నెలాఖరున పెండింగ్ లెక్క తీసే తీరు నాకు ముచ్చటేస్తుంది. ఒక్కో గుమాస్తా పర్సనల్ రిజిస్టరు తెరిచి, చివరి గడి ఖాళీగా ఉన్న ఫైళ్ల పక్కన పెన్సిలుతో చుక్క పెడతారు. మొన్న నాలుగు సెక్షన్లలో మూడే చూడగలిగారు. నాలుగో గుమాస్తా సెలవులో ఉన్నాడు, బీరువా తాళంచెవి అతని దగ్గరే ఉండిపోయింది. ఇంకొకరైతే "మొత్తం పెండింగ్ 14" అని రాసి పంపేవారు. ఆయన మాత్రం "మూడు సెక్షన్లలో చూసిన మేరకు 14, అందులో నెల దాటినవి 5" అని రాశారు. నాలుగో సెక్షన్ గడిలో సున్నా వేయలేదు, గీతా గీయలేదు. "చూడలేదు, తాళంచెవి లేదు" అని రాశారు. ఆ మాట లేకపోతే పైఅధికారి ఆ గడిని 'ఏమీ లేవు' అని చదువుకుంటాడు. ఇన్‌వార్డు రిజిస్టరు బయటే ఉంది కాబట్టి, ఆ సెక్షన్‌కు ఈ నెల 11 తపాళ్లు వెళ్లాయని తేల్చారు. అవి అందినవే తప్ప ఆగినవని చెప్పలేం, అందుకే 14లో కలపలేదు. పోయిన నెల ఆ సెక్షన్‌లో తేలిన 7ను కూడా తేదీతో విడిగా చూపించారు. చివరి వరుసలో "గుమాస్తా సోమవారం వస్తాడు, ఆ సాయంత్రానికి మిగతాది పంపుతాను" అన్నారు. ఆ కాగితం అందుకున్నవారికి ఏ అంకెను నమ్మాలో, దేనికోసం ఆగాలో ఒక్క చూపులో తెలిసిపోతుంది.