కొయ్యను లేపే బరువు

అడవి దారుల్లో చెక్‌పోస్టు కొయ్య చూసే ఉంటారు. ఒక కొసన రాళ్లు నింపిన డబ్బా, రెండో కొసన తాడు. గార్డు తాడు లాగితే కొయ్య దిగుతుంది, వదిలేస్తే దానంతటదే లేస్తుంది. పైకి తోసే మనిషి ఎవరూ ఉండరు. ఆ పని డబ్బాలోని బరువుది.

జవళగిరి దగ్గర ఒక గులాబీ రైతుకు పుల్‌-అప్ రెసిస్టర్ అంటే ఏమిటో ఈ కొయ్యతోనే చెప్పాను. చెప్పాల్సి వచ్చిందంటే తప్పు నాదే. ఆయన పాలీహౌస్‌లో వేడి, తేమ చూసి ఫాగర్‌ను నడిపించే చిన్న పెట్టె చేసిచ్చాను. హోసూరులో నా బల్ల మీద వారం రోజులు ఒక్క తప్పు లేకుండా నడిచింది. తోటలో బిగించిన మర్నాడే ఫోను. "అన్నా, నీ దగ్గర బాగా పలికిన సెన్సరు ఇక్కడికొచ్చేసరికి మూగదైపోయింది. గంటకోసారి పలుకుతుంది, మళ్లీ నోరు మూస్తుంది."

సెన్సరు చెడిపోలేదు, ప్రోగ్రాములోనూ తప్పు లేదు. బల్ల మీద సెన్సరు తీగ జానెడు. తోటలో మూడు మీటర్లు. మారింది అదొక్కటే.

ఆ సెన్సరు ఐటూసీ పద్ధతిలో మాట్లాడుతుంది. 1982లో ఫిలిప్స్ వాళ్లు తెచ్చిన పద్ధతి ఇది. రెండే తీగలు, ఒకటి క్లాకు, ఒకటి డేటా. వాటికే చాలా చిప్‌లు తగిలించుకోవచ్చు. అయితే ఒక కట్టుబాటు ఉంది. ఏ చిప్పూ తీగను పైకి, అంటే 3.3 వోల్టులకు, తొయ్యకూడదు. కిందికి, గ్రౌండుకు, లాగడమో లేదా వదిలెయ్యడమో, అంతే. చిప్ లోపల తీగకూ గ్రౌండుకూ మధ్య ఒక ట్రాన్సిస్టరు ఉంటుంది, పైవైపు ఏమీ ఉండదు. దాన్నే ఓపెన్‌-డ్రెయిన్ అంటారు. పైకి తోసే హక్కు కూడా ఇచ్చి ఉంటే, ఒక చిప్ తోస్తుండగా ఇంకొకటి లాగితే రెంటి మధ్యా షార్టే. ఇక్కడ ఆ బాధ లేదు. ఎందరు గార్డులు తాడు పట్టుకున్నా కొయ్య దిగుతుంది, అందరూ వదిలితేనే లేస్తుంది.

మరి లేపేదెవరు? తీగకూ 3.3 వోల్టులకూ మధ్య పెట్టిన రెసిస్టరు. అది లేకపోతే అందరూ వదిలేసిన తీగ ఎటూ కాకుండా గాల్లో వేలాడుతుంది. అది ఒకటో సున్నానో చిప్‌కూ తెలియదు, మనకూ తెలియదు.

ఇక అసలు గొడవ ఆ బరువు ఎంతుండాలన్నదే. తీగ అంటే ఉత్త రాగి కాదు, అదొక చిన్న కెపాసిటరు కూడా. పక్కపక్కనే నడిచే మామూలు కేబులు మీటరుకు సుమారు 100 పీకోఫారడ్‌లు తెచ్చిపెడుతుంది. మూడు మీటర్లకు 300, బోర్డూ చిప్‌లూ కలిసి ఇంకో 50 అనుకుందాం. మొత్తం 350. తీగ లేవాలంటే ఈ కుండ నిండాలి, నీళ్లు రావలసింది ఆ రెసిస్టరు గుండానే. రెసిస్టరు విలువ పెద్దదైతే ధార సన్నబడుతుంది, కుండ నిదానంగా నిండుతుంది.

ఆసిలోస్కోపు తీసుకెళ్లి చూస్తే కళ్లకు కట్టినట్టు కనిపించింది. పడేటప్పుడు బావి గోడలా నిటారుగా పడుతోంది. లేచేటప్పుడు మాత్రం కొండ వాలులా వంగి, పైదాకా ఎక్కకముందే మళ్లీ కిందపడుతోంది. పడేటప్పుడు ట్రాన్సిస్టరు గట్టిగా లాగుతుంది కాబట్టి అది నిటారు. లేచేటప్పుడు రెసిస్టరు ఒక్కటే దిక్కు. ఓపెన్‌-డ్రెయిన్ తీగకు ఏం జబ్బో తెలియాలంటే ముందు ఈ రెండు అంచులనే పోల్చి చూడాలి.

సెన్సరు మాడ్యూల్ మీద ఉన్నది 10 కిలో ఓమ్‌లు. ఐటూసీ లెక్కలో లేచే సమయం అంటే తీగ 30 శాతం నుంచి 70 శాతానికి ఎక్కడానికి పట్టేది. దాని సూత్రం ఇది:

t = 0.8473 × R × C

10,000 ఓమ్‌లను, 350 పీకోఫారడ్‌లను పెట్టి గుణిస్తే దాదాపు 3 మైక్రోసెకన్లు వస్తుంది. నేను పెట్టిన వేగం 400 కిలోహెర్ట్జ్. అంటే ఒక క్లాకు మొత్తానికీ ఉన్నదే 2.5 మైక్రోసెకన్లు. కొయ్య లేవకముందే వెనక లారీ వచ్చి నిలబడింది. కంట్రోలర్ లోపలి పుల్‌-అప్ చాలదా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. చాలా చిప్‌లలో అది పదుల కిలో ఓమ్‌లు ఉంటుంది. ఇక్కడ దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అలాగని రెసిస్టరును ఎంతైనా తగ్గించెయ్యలేం. డబ్బాలో రాళ్లు కుక్కేస్తే గార్డు తాడు పట్టుకుని వేలాడినా కొయ్య దిగదు. చిప్‌లోని ట్రాన్సిస్టరు 3 మిల్లీఆంపియర్ల కరెంటు మింగుతూ తీగను 0.4 వోల్టులకో అంతకన్నా కిందికో దించి ఉంచుతుందని మామూలు హామీ. 3.3లోంచి 0.4 తీసేస్తే 2.9. దాన్ని 3 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 967 ఓమ్‌లు. అంతకంటే తగ్గకూడదు.

పై హద్దు వేగాన్ని బట్టి ఉంటుంది. 400 కిలోహెర్ట్జ్‌కు లేచే సమయం 300 నానోసెకన్లు దాటకూడదు. ఆ లెక్కన నా తీగకు రెసిస్టరు 1,011 ఓమ్‌లు మించకూడదు. కింద 967, పైన 1,011. ఆ సందులో 1 కిలో ఓమ్ పడుతుంది నిజమే. కానీ రెసిస్టరు విలువే 5 శాతం అటూఇటూ అయ్యే లోకంలో ఆ సందును నమ్ముకోవడం తెలివితక్కువ. పాలీహౌస్‌లో వేడి చూడ్డానికి అంత తొందరేముంది? 100 కిలోహెర్ట్జ్‌కు దించాను. అక్కడ 1,000 నానోసెకన్ల దాకా అనుమతి ఉంది, పై హద్దు 3,370 ఓమ్‌ల దాకా జరుగుతుంది. 10 కిలో ఓమ్‌లు అలాగే ఉంచి వేగం ఒక్కటే తగ్గించి ఊరుకుంటే నడిచినట్టే ఉంటుంది, కానీ హద్దుకు మూడింతలు బయట నిలబడి నడుస్తుంది. పైగా బలహీనమైన పుల్‌-అప్ ఉన్న తీగ పక్కన ఫాగర్ మోటారు ఆగినా మొదలైనా ఉలిక్కిపడుతుంది.

హద్దుల నడుమ, కాస్త కిందివైపుగా ఎంచుకోవడం నా అలవాటు. కేబులు లెక్క నేను వేసుకున్నదానికంటే ఎక్కువే తేలుతుంది గానీ తక్కువ తేలడం నేను చూడలేదు. మాడ్యూల్ మీది 10 కిలో ఓమ్‌లకు సమాంతరంగా, రెండు తీగలకూ చెరొక 2.7 కిలో ఓమ్‌లు అతికించాను. కలిపితే 2.1 కిలో ఓమ్‌లు. లేచే సమయం లెక్కలో 630 నానోసెకన్లు, స్కోపు మీద దానికి కొంచెం ఎక్కువ. కొండ వాలు పోయి గట్టు వచ్చింది.

దీనికి ఎదురు జబ్బు కూడా నా బల్ల మీదే ఒకసారి చూశాను. ఒకే తీగకు ఆరు మాడ్యూళ్లు తగిలించాను. అన్నిటి మీదా 4.7 కిలో ఓమ్‌ల పుల్‌-అప్‌లు ఉన్నాయి. ఆరూ సమాంతరంగా కలిస్తే 783 ఓమ్‌లే, హద్దు దిగువన. తీగ చక్కగా లేచేది, కానీ దిగినప్పుడు నేలకు ఆనేది కాదు. మాడ్యూళ్లు కొనేవారు కరెంటు తీసేసి, మల్టీమీటరుతో డేటా తీగకూ 3.3 వోల్టుల తీగకూ మధ్య ఓమ్‌లు కొలవండి. ఎన్ని కలిశాయో అదే చెబుతుంది. ఎక్కువైతే ఒకటి రెండింటి మీది రెసిస్టర్లు ఊడదీసెయ్యండి.

ఇప్పుడా రైతు రెండో పాలీహౌస్‌కూ సెన్సరు కావాలంటున్నారు. అది నలభై మీటర్ల దూరం. 4,000 పీకోఫారడ్‌లు. ఐటూసీకి ఒప్పుకున్న గరిష్ఠం 400. దానికి ఏ రెసిస్టరూ మందు కాదు. అక్కడికి ఆర్‌ఎస్‌-485 వేస్తున్నాను.