వత్తి నీళ్లు తాగితే

మా సిరొంచలో మరాఠీ బోర్డులు చదువుకుంటూ తెలుగులో మాట్లాడుకుంటాం. గోదావరి మీది వంతెన దాటితే కాళేశ్వరం. 2025 మే 15 నుంచి 26 దాకా అక్కడ సరస్వతి పుష్కరాలు జరిగినప్పుడు, ఆ జనంలో కెమెరా పెట్టే జాగా దొరక్క ఇవతలి ఒడ్డునే ఇసుకలో ఒక భజన బృందం పాట చిత్రీకరించాం. అడిగింది చిన్న సంగతే. పాట నాలుగున్నర నిమిషాలు. అంతసేపూ ఇరవై ఒక్క దీపాలు వెలుగుతూ ఉండాలి, వెనక నది కనపడాలి.

మొదటి సాయంత్రం వాన లేదు. గాలి కొంచెమే. అయినా రెండో చరణం వచ్చేసరికి సగం దీపాలు ఆరిపోయాయి. తప్పు గాలిదే అనుకుని, గాలి వచ్చే దిక్కున రెండు కర్రలు పాతి పాత ఫ్లెక్సీ ఒకటి బిగించి కట్టాం. ఆ తర్వాత మిగిలిన సగం కూడా ఆరాయి.

భజన బృందంతో వచ్చిన ఒక అవ్వ అంతసేపూ చూస్తూ కూర్చుంది. లేచి వచ్చి, ఆరిన దీపం ఒకటి చేతిలోకి తీసుకుని వేలు ముంచి చూసింది. "గాలి గాదు బిడ్డా, వత్తి నీళ్లు తాగింది" అంది.

నిజమే. కొత్త మట్టి ప్రమిద నూనె పీల్చేస్తుందని ముందుగా నీళ్లలో నానబెట్టడం అందరికీ తెలిసిన పద్ధతి. మేం నానబెట్టింది ఆ మధ్యాహ్నమే. ఆరబెట్టే తీరిక లేక, పైపైన తుడిచి నూనె పోశాం. మట్టిలోంచి ఊరిన నీరు నూనె కన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది. వత్తి తోక పడుకునేది కూడా అడుగునే. పైన నూనె ఉన్నంతసేపూ దీపం బాగానే వెలుగుతుంది, మనకు అనుమానం రాదు. నూనె తగ్గేకొద్దీ వత్తి నీటిని పైకి లాగడం మొదలుపెడుతుంది. అప్పుడు చిటపట వినిపిస్తుంది, మంట కుంచించుకుపోతుంది. గాలికి ఆరిన దీపం చప్పుడు లేకుండా ఒక్కసారిగా పోతుంది, మళ్లీ అగ్గిపుల్ల చూపిస్తే అంటుకుంటుంది. నీళ్లు తాగిన వత్తి చిటపటలాడి పోతుంది, ఎన్ని పుల్లలు గీసినా నిలవదు. ఈ తేడా తెలిసి ఉంటే ఆ సాయంత్రం ఒక అగ్గిపెట్టె మిగిలేది.

అలాంటి దీపంలో ఇంకాస్త నూనె పోసి లాభం లేదు. నూనె ఒంపేసి, పొడిగుడ్డతో అడుగు తుడిచి, కొత్త వత్తి వెయ్యాల్సిందే. రెండో రోజు నుంచి ప్రమిదలను ముందు రోజు నానబెట్టి, రాత్రంతా బోర్లించి నీడలో ఆరబెట్టాం. వత్తులు పొద్దున్నే నువ్వుల నూనెలో ముంచి స్టీలు డబ్బాలో మూతపెట్టి తెచ్చాం. ముందే నూనె పీల్చుకున్న నూలు తేమను అంత త్వరగా పట్టదు. వాన చినుకుకీ ఇదే కథ. గొడుగు పట్టామని నిశ్చింతగా ఉంటాం గానీ గొడుగు అంచు నుంచి జారే ధార సరిగ్గా చివరి వరస దీపాల్లోనే పడుతుంది. గొడుగు దీపాల వరస కన్నా రెండు మూరలు వెడల్పు ఉండాలి, నీళ్లు వెనక్కి జారేలా వాలి ఉండాలి.

మరి ఫ్లెక్సీ కట్టాక ఇంకా ఎందుకు ఆరాయి? గాలికి గోడ అడ్డం పెడితే అది ఆగిపోదు. పైనుంచి ఎక్కి, వెనక సుడి తిరిగి కిందికి దిగుతుంది. మా దీపాలు ఆ సుడిలో ఉన్నాయి. ఫ్లెక్సీ విప్పేసి, నర్సరీల్లో కప్పే గ్రీన్ నెట్ రెండు మడతలు వేసి నడుమెత్తున కట్టాం. నెట్‌లోంచి కొంత గాలి దూరి పోతుంది, దాని జోరు మాత్రం చస్తుంది. మంట ఎగిరెగిరి పడటం మాని ఒక పక్కకి కాస్త వాలి నిలబడింది. నాకు అదే నచ్చింది. గాజు చిమ్నీలో బొమ్మలా నిలిచిన మంట కన్నా నది ఒడ్డున వాలిన మంటే నమ్మేలా ఉంటుంది. పాటకీ పాటకీ మధ్య ఒకరు చిన్న పుల్లతో కొడి రాల్చి వత్తి ఎగదోస్తుంటే చాలు. మే ఎండకి కాగిన నూనె పలచబడి వత్తిలోకి తొందరగా ఎక్కుతుంది. వత్తి మరీ బయటికి ఉంటే మంట పెద్దదై మసి కక్కుతుంది.

దీపాల సంగతి అవ్వ తేల్చింది. కెమెరా సంగతి తేల్చేవాళ్లు లేక నేనే కాల్చుకున్నాను.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ఉరుముతూ పది నిమిషాలు వాన కొట్టింది. కెమెరాకి నల్లటి ప్లాస్టిక్ కవరు తొడిగి, కింద కూడా తాడుతో బిగించాను. వాన పోయి ఎండ కాసింది. కవరు తియ్యడం మరిచి రిహార్సల్ చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి తెరమీద వేడి హెచ్చరిక వచ్చి కెమెరా తనంతట తనే ఆగిపోయింది. చాలా కెమెరాల పుస్తకాల్లో 40 డిగ్రీల దాకానే వాడమని ఉంటుంది. మా ఎండకి అదే దాటిపోతుంది, పైగా నల్ల సంచీ. కుర్రాడొకడు ఐస్ బాక్సులో పెడదామన్నాడు. వద్దన్నాను. కాగిన యంత్రాన్ని చల్లబరిచి మళ్లీ ఉక్కలోకి తీస్తే లోపలా బయటా చెమట పడుతుంది. నీడలో పెట్టి, బ్యాటరీ, కార్డు తీసి, అరగంట ఆగితే తనే లేచింది.

అసలు దెబ్బ వేరే. కవరు లోపల చిక్కిన వాన తడి ఎండకి ఆవిరై లెన్సులోకి చేరింది. ఆ సాయంత్రం తీసిన ప్రతి దీపం చుట్టూ మెత్తటి కాంతి వలయం. చిన్న తెరమీద చూసి, దేవుడి దయ అనుకుని మురిసిపోయాను. ఇంటికెళ్లి పెద్ద తెరమీద చూస్తే నది లేదు, చెట్లు లేవు, అంతా పాలు పోసినట్టు. వలయం కనిపించగానే లెన్సు గుడ్డతో ముందు అద్దం తుడిచి చూడాల్సింది. పోతే కర్పూరం మసో నూనె తుంపరో. పోకపోతే తేమ లోపల ఉన్నట్టు. అప్పుడు గుడ్డతో పనిలేదు, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి మర్నాటి దాకా ఆగాలి. బియ్యంలో పెట్టొద్దు. దుమ్మూ పిండీ దూరతాయి.

నాలుగో రోజుకి తెల్లటి పలచ కవరు తెచ్చి లెన్సు హుడ్ దగ్గర మాత్రం రబ్బరు బ్యాండు వేశాను. కింద లంగాలా వదిలేశాను. వాన పైనుంచే వస్తుంది, వేడి కిందినుంచి పోవాలి. చినుకు ఆగిన వెంటనే కవరు తియ్యడం ఒకరి పని, గొడుగు నీడ పట్టడం ఇంకొకరి పని. ఏసీ గదిలోంచి వచ్చే రోజైతే బ్యాగు జిప్పు తియ్యకుండా ముప్పావుగంట బయట ఉంచి, ఆ తర్వాతే కెమెరా తీశాం.

ఆ సాయంత్రం పాట అయ్యేసరికి ఇరవై ఒకటిలో పద్దెనిమిది వెలుగుతున్నాయి. అవ్వ వచ్చి లెక్కపెట్టుకుని, "మూడు నీ గొడుగు పాపమే" అంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, అదీ వానల కాలంలో. ఒడ్డున దీపాలు తియ్యాలనుకునేవాళ్లు ప్రమిదలు మాత్రం ముందు రోజే నానబెట్టి ఆరబెట్టుకోండి.