ఆగడం ఎవరి వంతు

ఈ వారం మియాపూర్ వైపు మా చెల్లెలింట్లో ఉన్నాను. ఆదివారం పొద్దున వాళ్ల అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగు. చెల్లెలు ఆ సంఘానికి ట్రెజరర్. అతిథిని కాబట్టి సెల్లార్‌లో చివరి వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కోపం వచ్చిన మనిషి దాన్ని మింగకుండా, ఎదుటివాళ్ల మీద కుమ్మరించకుండా ఎలా నెగ్గుకొస్తుందో అంత దగ్గరగా చూడటం నాకు చాలా సంతోషం కలిగించింది. ఈ వారం దాని గురించే రాద్దామని అక్కడే అనుకున్నాను.

విషయం ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లు. గేటు దగ్గర రిజిస్టర్‌లో 112 ట్యాంకర్లు ఎక్కాయి. డబ్బు కట్టిన బిల్లులు 124. మూడో అంతస్తు పెద్దమనిషి ఒకాయన లేచి నిలబడి, "మిగతా పన్నెండు ట్యాంకర్లు ఎవరింట్లోకి వెళ్లాయి మేడమ్?" అన్నారు. నలుగురు నవ్వారు. మా చెల్లెలి చెవులు ఎర్రబడటం నాకు వెనకనుంచి కూడా కనబడింది.

ఆమె కలం మూత తీసింది. "ఒక్క నిమిషం సార్, మీ ప్రశ్న రాసుకుంటాను" అని నెమ్మదిగా రాసి, రాసింది పైకి చదివింది. "గేటు రిజిస్టర్‌కీ బిల్లులకీ పన్నెండు తేడా ఉంది, ఎందుకు? ఇదే కదండీ మీ ప్రశ్న?" ఆయన అవునన్నారు, ఇంకేమంటారు? 'ఎవరింట్లోకి' అన్న మాట ఆమె కాగితం మీదికి ఎక్కలేదు. ఆ తర్వాత బిల్లులు తీసి చూపించింది. ప్రతిదాని మీదా తేదీ, టైమూ ఉన్నాయి. ఆ పన్నెండూ రాత్రి పది దాటాక వచ్చినవి. గేటు దగ్గర వాటిని ఎవరూ ఎక్కించలేదు.

సాయంత్రం టీ తాగుతూ అడిగాను, అంత శాంతంగా ఎలా ఉండగలిగావని. "నాకేం శాంతం రాలేదు అన్నయ్యా. మొదటి మాట బయటికి రానివ్వలేదు, అంతే" అంది.

ఇది చాలామంది చెప్పని సంగతి. పది లెక్కపెడితే కోపం దిగుతుందంటారు. తొంభై సెకన్లు ఓర్చుకుంటే ఒంట్లోంచి పూర్తిగా కొట్టుకుపోతుందని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఒళ్లు అంత త్వరగా మాట వినదు. అవమానం తగిలిన క్షణాల్లో అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఆ పోటు తగ్గడానికి నిమిషాలు పడుతుంది. దాని వెనకాలే వచ్చే కార్టిజాల్ శిఖరానికి చేరేసరికి ఇంచుమించు అరగంట. ఈలోగా ఎదుటాయన ఇంకో మాటంటే మళ్లీ మొదటికొస్తుంది. భార్యాభర్తల తగాదాల్ని ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, గుండె నిమిషానికి వంద దాటి కొట్టుకుంటుంటే మనిషికి ఎదుటివాళ్ల మాట సరిగా తలకెక్కదని చెప్పాడు. అప్పుడు కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండాలన్నాడు. మీటింగులో ఇరవై నిమిషాలు ఎవరిస్తారు? అక్కడ దొరికే పది సెకన్లు ఒళ్లు చల్లబడటానికి చాలవు. నోట్లోకి వచ్చిన మొదటి వాక్యాన్ని మార్చుకోవడానికి చాలుతాయి. దానికి మించి ఆశించినవాళ్లు, ఆగి మాట్లాడినా గొంతు వణికేసరికి ఇదంతా పనికిరాదని వదిలేస్తారు.

ఆ పది సెకన్లలో ఏం చేసిందో కూడా అడిగాను. మొదట ఊపిరి. లోపలికి పీల్చుకోవడం మీద కాకుండా వదలడం మీద దృష్టి పెట్టిందట. నాలుగు అంకెలు పీల్చి, ఆరేడు అంకెలు వదలడం. దీనికి కారణం ఉంది. గాలి వదులుతున్నప్పుడు వేగస్ నరం గుండెను కాస్త నిదానింపజేస్తుంది. పీల్చుకునేటప్పుడు ఆ పట్టు సడలుతుంది. అందుకే కోపంలో 'గట్టిగా ఊపిరి పీల్చుకో' అనే సలహా సగమే. గబగబా నాలుగు పెద్ద ఊపిర్లు పీలిస్తే తల తిరుగుతుంది కూడా. ఇంకో జాగ్రత్త ఆమె తనంతట తనే చెప్పింది: ముక్కుతోనే, చప్పుడు లేకుండా వదలాలి. నోటితో 'హుఁ' అని వదిలితే నలుగురికీ అది విసుగులా, వెటకారంలా వినబడుతుంది. తగాదా దానితోనే మొదలవుతుంది.

రెండోది, లోపల ఉన్నదానికి పేరు పెట్టుకోవడం. "కోపం అనుకున్నాను ముందు. కాదు, అవమానం. దొంగ అన్నాడు కదా నన్ను" అంది. ఈ తేడా తెలిశాక ఏం కావాలో తెలిసిందట. ఆయన్ని ఓడించడం కాదు, తను లెక్క సరిగా పెట్టిందని పదిమందిలో తేలాలి, అది మినిట్స్‌లోకి ఎక్కాలి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కోపం, భయం నిండిన ముఖాల ఫొటోలు చూపిస్తూ, ఆ భావానికి తగిన మాట ఎంచుకోమన్నప్పుడు మెదడులో అమిగ్డలా స్పందన తగ్గింది. స్కానర్‌లో పడుకుని ఫొటో చూడటం వేరు, మూడో అంతస్తు పెద్దమనిషి వేలు చూపిస్తుంటే కూర్చోవడం వేరు. ఉపశమనం పెద్దదని నేననను. కానీ పేరు పెట్టుకోవడంతో ఏం అడగాలో తేలుతుంది, అదే పెద్ద లాభం.

ముఖం మీద ఏమీ కనబడనివ్వకుండా బిగబట్టుకోవడాన్ని మాత్రం చాలామంది నిగ్రహం అనుకుంటారు. జేన్ రిచర్డ్స్, జేమ్స్ గ్రాస్ 2000లో చూపించింది ఏమిటంటే, భావాల్ని ముఖంలో కనబడనివ్వొద్దని చెప్పినవాళ్లకి ఆ సమయంలో విన్న వివరాలు తక్కువ గుర్తున్నాయి. దాచుకునే పనికే బుర్ర ఖర్చయిపోతుంది. లెక్కల మీటింగులో వివరాలు జారిపోతే ఇంకేముంది? కలం పట్టుకుని ప్రశ్న రాసుకోవడం ఇందుకే మెరుగైన పద్ధతి. చేతికి పని దొరుకుతుంది, కళ్లు కాగితం మీద ఉంటాయి, ఆగినట్టు సభకు తెలుస్తుంది, మాట కూడా పోదు. ఊరికే మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా రాసేస్తారు. మినిట్స్‌లో 'ట్యాంకర్ల లెక్కపై చర్చ జరిగింది' అని రాస్తే చెల్లెలు ఒప్పుకోలేదు, తన జవాబు మొత్తం రాయించింది.

ఇక్కడితో కాలమ్ ముగిసేదే. కానీ మీటింగు ఇంకా ఉంది.

పన్నెండు ట్యాంకర్లూ రాత్రివని తేలగానే అదే పెద్దమనిషి, "అయితే నైట్ వాచ్‌మన్ ఎందుకు రాయలేదు? డ్రైవర్ల దగ్గర ఎంత తీసుకుంటున్నాడు?" అన్నారు. వాచ్‌మన్ అక్కడే టీ కప్పులు అందిస్తున్నాడు. అందరూ అతని వైపు తిరిగారు. "సార్..." అని ఆగిపోయాడు. సభ కూడా ఆగింది. ఊపిరి తీసుకుని, ఆలోచించి మాట్లాడదామనుకున్న మంచివాళ్లందరూ ఆగారు. మా చెల్లెలూ ఆగింది. పూర్తిగా తెలుసుకుని మాట్లాడాలనుకుందట.

మొదటి అంతస్తులో ఉండే ఒక అమ్మాయి మాత్రం ఆగలేదు. లేచి గట్టిగా అరిచింది. "రాత్రి తొమ్మిదికి ఆ రిజిస్టర్ ఆఫీసు గదిలో పెట్టి తాళం వేసుకెళ్లేది మీ కమిటీవాళ్లే! అతను దేంట్లో రాస్తాడు?" గొంతు వణికింది, వేలు చూపించింది. పైన నేను మెచ్చుకుంటూ రాసినవాటిలో ఒక్కటీ చేయలేదు. ఆ పూట జరిగినవాటిలో సరైన పని అదేనని నా నమ్మకం. ఆమెకు నిజం ముందే తెలుసు, కొత్తగా ఆలోచించాల్సింది లేదు. దెబ్బ తింటున్న మనిషికి ఆ సభలో మాట్లాడే హక్కు లేదు. ఇంకో రెండు నిమిషాలు అందరూ నిగ్రహంగా కూర్చుంటే అతని మీద దొంగతనం ఖాయమైపోయేది. తన మీద పడిన రాయికి ఆగడం వేరు, పక్కవాడి మీద పడుతున్న రాయికి ఆగడం వేరు.

మీటింగయ్యాక మెట్ల దగ్గర విన్నాను. "ఆ అమ్మాయికి బొత్తిగా కంట్రోల్ లేదండీ." దొంగ అన్న పెద్దమనిషి గురించి మాత్రం, "ఆయనకి కాస్త కోపం ఎక్కువే కానీ మనసు మంచిది." ఇద్దరూ అరిచినవాళ్లే. 2008లో విక్టోరియా బ్రెస్కాల్, ఎరిక్ ఉల్‌మన్ ప్రచురించిన అధ్యయనాల్లో, ఉద్యోగంలో కోపం చూపించిన మగవాడికి చూసినవాళ్లు ఎక్కువ హోదా ఇచ్చారు, అదే కోపం చూపించిన ఆడమనిషికి తక్కువ ఇచ్చారు. ఆగడం నేర్చుకోండని మనం ఎవరికి చెబుతున్నాం? కిందివాళ్లకి, ఆడవాళ్లకి, జీతగాళ్లకి. పైవాళ్లకి కోపం స్వభావం, మిగతావాళ్లకి అది లోపం.

ఇది ఆలోచిస్తుంటే మా పెద్దబావగారు గుర్తొచ్చారు. ఆయన విద్యుత్ ఉద్యోగుల తరఫున యాజమాన్యంతో చర్చలకు వెళ్లేవారు. వాళ్ల బృందంలో ఒకాయన చర్చ మొత్తంలో నోరు మెదిపేవారు కాదు. ఆయన చూడాల్సింది ఎదుటివాళ్లని కాదు, తనవాళ్లని. ఎవరి గొంతైనా హెచ్చితే, ఎవరైనా కుర్చీ వెనక్కి నెడితే, "పది నిమిషాలు విరామం కావాలండీ" అనేవారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. రెండు పక్షాలకూ ఆ హక్కు ఉందని ముందే ఒప్పందం. బయటికొచ్చాక ఒకటే నియమం: మొదటి రెండు నిమిషాలు ఎవరూ విషయం మాట్లాడకూడదు, మంచినీళ్లు తాగాలి. ఆ తర్వాతే ఏం చెప్పాలో చర్చ. కోపంలో ఉన్నవాడినే నీ కోపం నువ్వే గమనించుకో అంటే, సరిగ్గా ఆ క్షణంలో చేతకాని పనిని అతని నెత్తినే పెట్టడం. ఆ బృందం దాన్ని ఇంకొకరికి అప్పగించింది. శాసనసభలో గొడవ ముదిరితే స్పీకర్ సభను కాసేపు వాయిదా వేయడం మనందరం చూస్తూనే ఉంటాం. అక్కడా ఆగే బాధ్యత అరుస్తున్నవాళ్ల మీద లేదు, కుర్చీలో ఉన్నవారి మీద ఉంది. ఆదివారం మీటింగులో కుర్చీలో ఉన్న ప్రెసిడెంటుగారు ఫోన్ చూసుకుంటున్నారు.

కాబట్టి ప్రెసిడెంటుకు విరామం ప్రకటించే బాధ్యత పెట్టండని చెల్లెలితో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "పది నిమిషాలిస్తే లిఫ్టు దగ్గర పదిమంది చేరి వాచ్‌మన్‌ని తీసేయాలని తీర్మానం చేసుకుని లోపలికొస్తారు అన్నయ్యా" అంది. అది నిజం. చర్చలకు రెండు పక్షాలూ బలంగానే వస్తాయి, అపార్ట్‌మెంట్‌లో అలా ఉండదు.

చాలాసేపు వాదించుకున్నాక వచ్చే మీటింగు అజెండాకు ముసాయిదా తయారైంది. అజెండా కాగితం ముందురోజే అందరికీ అందాలని నేను ఎప్పుడూ అనేదే, అదీ చేర్చాం. విరామం ప్రెసిడెంటే ప్రకటించాలి. విరామానికి ముందు సెక్రటరీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి పైకి చదవాలి. తిరిగి కూర్చోగానే మొదటి మాట నింద పడినవాళ్లది. అతను జీతగాడైతే అతనికీ కుర్చీ వేసి, చెప్పింది చెప్పినట్టు మినిట్స్‌లో ఎక్కించాలి. చివరి నియమం దగ్గర చెల్లెలు కాసేపు ఆలోచించింది. "దీనికి ఓట్లు పడవు. అయినా రాయి" అంది.