వంద దినార్లు మన డబ్బుల్లో ఎంత?

ఈ వారం పాలకొల్లులో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన మనవడికి డల్లాస్‌లో ఉద్యోగం వచ్చిందట. ఏడాదికి లక్ష డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కన 85 లక్షలని ఆయన అనడమేమిటి, ఆ మాట బంతి చివరిదాకా పాకింది. ఎదురుగా కూర్చున్న కుర్రాడు, ఎకనామిక్స్ చదువుతున్నాడట, ఊరుకోలేదు. ‘‘అలా కాదు తాతయ్యా, పీపీపీ ప్రకారం చూడాలి. డాలరుకి ఇరవై రూపాయలే. మీవాడి జీతం ఇక్కడ ఇరవై లక్షలతో సమానం, అంతే’’ అన్నాడు. పెద్దాయన ముఖం చిన్నబోయింది.

నాకు కోపం వచ్చింది, అదీ ఎక్కువగా కుర్రాడి మీద. పెద్దాయనకు ఒక్క లెక్కే తెలుసు. కుర్రాడికి రెండో లెక్క తెలిసి కూడా దాన్ని వాడకూడని చోట వాడాడు.

పీపీపీ అంటే కొనుగోలు శక్తిని బట్టి కట్టిన మారకం రేటు. బియ్యం, అద్దె, బస్సు టికెట్టు, క్షవరం, బడి ఫీజు లాంటివన్నీ ఒక బుట్టలో వేసి, అదే బుట్ట అక్కడ ఎన్ని డాలర్లు, ఇక్కడ ఎన్ని రూపాయలు అని చూస్తారు. ప్రపంచ బ్యాంకు నడిపే అంతర్జాతీయ లెక్కల్లో 2017కి మనకు తేలిన అంకె డాలరుకు 20 రూపాయల 65 పైసలు. ఆ ఏడాది బజారు మారకం రేటు 65 రూపాయల పైచిలుకు. తేడా మూడింతలకు పైమాటే. లెక్క తప్పేమీ కాదు. మంగలి కూలి, పనిమనిషి జీతం, ఇంటి అద్దె లాంటివి ఓడల్లో ఎగుమతి కావు కాబట్టి అవి మన దగ్గర చవక, మారకం రేటుకి వాటి సంగతి పట్టదు. కానీ అది దేశాల ఆదాయాలు పోల్చడానికి కట్టిన అంకె. డల్లాస్ కుర్రాడు నెలనెలా ఇంటికి పంపే డబ్బుని రాజమండ్రి బ్యాంకు డాలరుకి ఇరవై లెక్కన జమ చెయ్యదు కదా.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పాత పట్టు తెలుసు. జీతం చెప్పకండి, మిగులు చెప్పండి అని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. పైదేశం జీతానికి ఆ పట్టు ఇంకా గట్టిగా పనికొస్తుంది. ఆ జీతాన్ని రెండు ముక్కలు చెయ్యాలి. అక్కడే ఖర్చయ్యే ముక్కకు ఒక లెక్క, ఇంటికి చేరే ముక్కకు ఇంకో లెక్క.

పెద్దాయన మనవడిదే వేసి చూద్దాం. 2024 పన్ను రేట్ల ప్రకారం పెళ్ళికాని మనిషికి లక్ష డాలర్ల మీద కేంద్ర ఆదాయపు పన్ను దాదాపు 13,840. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7,650. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అంతటితో ఆగుతుంది, న్యూజెర్సీ అయితే ఇంకొంత పోతుంది. చేతికొచ్చేది నెలకు 6,540 డాలర్లు. అందులో అద్దె 1,500, కారు వాయిదా, ఇన్సూరెన్స్, పెట్రోలు కలిపి 700, తిండి, కరెంటు, ఫోను, వైద్య బీమాలో తన వాటా, ఇంకా చిల్లరమల్లర 1,340 అనుకుందాం. మిగిలేది 3,000.

ఆ మూడు వేలకి పెద్దాయన లెక్కే సరైనది. 85 పెట్టి గుణిస్తే 2,55,000 రూపాయలు. ఖర్చయిన 3,540 డాలర్లను మాత్రం గుణించకూడదు. అదే తీరున హైదరాబాద్‌లో బతకడానికి ఎంతవుతుందో చూడాలి. ఒక గదీ హాలూ ఉన్న ఫ్లాటు, బండి, తిండి కలిపి 60 వేలు వేసుకుంటే ఆ ముక్కలో డాలరు విలువ పదిహేడు రూపాయలు. అక్కడ కుర్రాడి లెక్క దగ్గరకు వస్తుంది. రెండూ కలిపితే 3,15,000. అంటే ఈ ఉద్యోగం హైదరాబాద్‌లో పన్ను పోను నెలకు మూడు లక్షల పదిహేను వేలు చేతికిచ్చే ఉద్యోగంతో సమానం. అటు 85 లక్షలూ కాదు, ఇటు 20 లక్షలూ కాదు.

అదే మనిషికి పెళ్ళయి, డేకేర్‌కి పంపే పిల్ల ఉంటే ఈ జీతమే వేరేగా కనిపిస్తుంది. పన్ను కాస్త తగ్గినా అద్దె పెరుగుతుంది, రెండో కారు వస్తుంది, డేకేర్ ఒక్కటే ఇంకో అద్దెంత. నెలకు వెయ్యి మిగిలితే గొప్ప. ఆఫర్ లెటర్‌లో అంకె మారదు, మిగులు మూడో వంతుకు పడిపోతుంది.

మారకం రేటు మనల్ని ఎంతగా పక్కదారి పట్టిస్తుందో నాకు మా తాతల తరం కథల్లో తెలిసింది. వాళ్ళ రోజుల్లో పైదేశమంటే రంగమే, అంటే రంగూను. కాకినాడ రేవులో స్టీమరెక్కి వెళ్ళి అక్కడి ధాన్యం మిల్లుల్లోనూ రేవులోనూ పనిచేసేవాళ్ళు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. ఇక్కడి రూపాయే అక్కడా చెల్లేది, మార్చుకునే పనే లేదు. ఇవాళ్టి మన గందరగోళమంతా మారకం రేటు వల్లే అయితే, ఆనాడు లెక్క పారదర్శకంగా ఉండాలి. ఉండేది కాదు. రంగం కూలి ఇక్కడి కూలికంటే ఎక్కువని చెప్పి మేస్త్రీ తీసుకెళ్ళేవాడు. పడవ ఖర్చు, ఇంటిదగ్గర ఇచ్చిన అడ్వాన్సు కూలిలోంచి మినహాయించుకునేవాడు. అక్కడ ఇరుకు గదుల్లో పదిమందితో పడుకుని, అద్దె కట్టి, బియ్యం కొనుక్కోవాలి. రూపాయి ఒకటే అయినా రంగం రూపాయీ కోనసీమ రూపాయీ ఒకటి కాదు. 1930 మేలో అక్కడి రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టారు. ఆ పైన జరిగిన అల్లర్లలో మనవాళ్ళు చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. కూలి అంకె చూసి వెళ్ళినవాళ్ళకు ముందుగా తెలియనిది ధర, అప్పు, ప్రమాదం. ఈ మూడూ మారకం రేటులో కనపడవు.

కువైట్‌లోనూ ఒకప్పుడు చెల్లింది రూపాయే. గల్ఫ్ కోసం 1959లో మన రిజర్వు బ్యాంకు వేరే నోట్లు అచ్చువేసింది. 1961లో కువైట్ సొంత దినారు తెచ్చుకున్నప్పుడు దాని విలువ పదమూడు రూపాయల ముప్పై మూడు పైసలు. 2024 చివరికి అది 275 దాటింది.

ఈ దినార్ల లెక్క అడగడానికే పెళ్ళి మర్నాడు రాజోలు వైపునుంచి ఒకావిడ వచ్చింది. ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళాలని ఆలోచన. ‘‘బాబాయిగారండీ, నెలకి వంద దినార్లంటున్నారండి. మన డబ్బుల్లో ఎంతండి?’’ అని అడిగింది. నేను చెప్పేలోపే, ‘‘ఇరవై ఏడువేల అయిదొందలంట కదండీ, మా పక్కింటావిడ చెప్పింది’’ అని తనే అంది.

ముందు రోజు డాలర్లను గుణించినందుకు విసుక్కున్న నేను, ఈవిడ గుణకారాన్ని కొట్టెయ్యలేను. ఈవిడ విషయంలో అది దాదాపు సరైన లెక్క. ఇంటిపని మనుషుల కోసం కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం తిండి, బస, బట్టలు, వైద్యం యజమానే చూసుకోవాలి. జీతం మీద ఆదాయపు పన్ను లేదు. అక్కడ ఖర్చయ్యే ముక్క ఫోనుకీ సబ్బుకీ పది దినార్లు. మిగతా తొంభై ఇంటికే. ఆ తొంభైకి కువైట్ అద్దెలతో, కూరగాయల ధరలతో సంబంధం లేదు. కొనుగోలు శక్తి గురించి చదువుకున్నవాడు ఎంత వాదించినా, పక్కింటావిడ చెప్పిందే నిజానికి దగ్గర. జీవన వ్యయం పట్టికలు డల్లాస్ అబ్బాయికి కావాలి, రాజోలు అమ్మాయికి అక్కర్లేదు. అయితే డల్లాస్ అబ్బాయి పన్నెండు నెలలకూ పన్నెండు జీతాలు వస్తాయన్న నమ్మకంతో లెక్క వెయ్యొచ్చు. ఈవిడ లెక్కలో చూసుకోవాల్సింది ఎన్ని నెలల జీతం నిజంగా చేతికొస్తుందన్నది.

కాగితం మీద వేశాను. రెండేళ్ళ ఒప్పందం, 24 నెలలు, నెలకు 90 దినార్లు, 275 లెక్కన 5,94,000. ఏజెంటు ఖర్చులకని లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తోంది. నెలకు పదివేల చొప్పున అసలు తీర్చుకుంటూ పోతే పదినెలల్లో వడ్డీ 11,000. తీసేస్తే 4,83,000, అంటే నెలకు ఇరవై వేలు. ఇక్కడ రొయ్యల ప్లాంటులో తనకు నెలకు పదివేలు వస్తే తిండీ బస్సూ పోను ఏడువేలు మిగులుతున్నాయి. ఇరవైకీ ఏడుకీ పోలిక లేదు. కానీ ఏదో వంకతో నాలుగు నెలల జీతం ఎగ్గొడితే నెలకు పదహారు వేలకు దిగుతుంది. అక్కడ రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదని, వారానికి ఒకరోజు సెలవివ్వాలని అదే చట్టం చెబుతుంది. గంట లెక్క కడితే ఇంకా తగ్గుతుంది. ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి అత్తగారు కూలికి వెళ్ళడం మానేస్తే ఆ డబ్బూ ఇందులోంచే పోవాలి.

ఆ లక్ష అప్పు మీద గట్టిగానే మాట్లాడాను. మన చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చెయ్యకూడదు. పదో తరగతి పాసు కాని ఆడవాళ్ళను గల్ఫ్ ఇళ్ళ పనికి పంపాలంటే ముప్పై ఏళ్ళు నిండాలి, మన ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. లక్ష అడిగే మనిషి ఈ దారిన పంపేవాడు కాడు. విజిట్ వీసా మీద దిగితే ఆ 68వ నంబరు చట్టం కాగితానికే పరిమితం, ఎగ్గొట్టిన జీతం కోసం ఎవరిని అడగాలో తెలియదు.

ఆవిడ అన్నీ విని, ‘‘పాపకి పది కాసులు చేయించాలండి, ఇంటికి గోడలు లేపాలండి’’ అంది. ఇక్కడ ఇంకో లెక్క ఉంది. 2015లో దినారు 212 రూపాయలు ఉన్నప్పుడు వంద దినార్లకు ఎనిమిది గ్రాముల బంగారం, సరిగ్గా ఒక కాసు, వచ్చేది. 2024 చివర్లో దినారు 275 అయ్యింది కానీ అదే వంద దినార్లకు వచ్చేది మూడున్నర గ్రాములే. రూపాయల్లో జీతం పెరిగింది, బంగారంలో సగానికి తక్కువైంది. రూపాయి పడిపోతే మనకు లాభమని గల్ఫ్ ఇళ్ళలో అందరూ సంతోషిస్తారు. బంగారం ధర కట్టేది డాలర్లలో, రూపాయి పడితే అదీ ఇక్కడ పెరుగుతుంది, ఆ లాభం కంసాలి దగ్గర ఆవిరైపోతుంది. తాపీమేస్త్రి కూలి, ఇటుక, ఇసుక, బడి ఫీజు మాత్రం రూపాయల్లోనే కదులుతాయి. ఆ వస్తువుల దగ్గర దినారు బలం కొన్నాళ్ళయినా నిలుస్తుంది.

‘‘అయితే ముందు గోడలా, బంగారమా అండి?’’ అని అడిగింది. ముందు అప్పు అన్నాను. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. అంతకంటే వేగంగా ఏ ఏడాదికి ఆ ఏడాది పెరుగుతుందని బంగారాన్ని నమ్ముకోలేం, దినారునీ నమ్ముకోలేం. అప్పు తీరాక గోడలు. ఆ లోపు ఓంక్యాప్‌లో పేరు రాయించుకుని, లక్ష అడిగినవాణ్ణి రసీదు ఇస్తాడేమో అడిగి రమ్మన్నాను.